ఐదు జిప్సం ప్రయోగాలు, ఒక ఫారెస్ట్ ప్లాట్: గీత పొడవు ఎక్కడి నుంచి వస్తుంది?

అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో చెనక్కాయ పైరుకు ఊడలు దిగే దశలో జిప్సం వేయడం పాత సిఫార్సే. హెక్టారుకు 500 కిలోలు, అంటే ఎకరాకు 200. దీనివల్ల కాయ దిగుబడి ఎంత పెరుగుతుందన్న ప్రశ్న ఎమ్మెస్సీ రివ్యూకి బాగా సరిపోతుంది. పత్రాలు వెతికితే డజన్ల కొద్దీ కనిపిస్తాయి. కానీ ఒకే మోతాదు, ఒకే దశ, జిప్సం వేయని మడితో నేరుగా పోలిక, పైగా లెక్కకు పనికొచ్చే అంకెలు అని షరతులు పెట్టుకుంటే చివరికి చేతిలో నాలుగైదు మిగులుతాయి. ఆ నాలుగైదింటినీ కలిపి ఒక సగటు చెప్పడం మెటా అనాలిసిస్. వాటిని ఒక్కో గీతగా పేర్చి చూపే బొమ్మ ఫారెస్ట్ ప్లాట్.

బొమ్మ గీయడానికి కంప్యూటర్‌కు క్షణం చాలు. చిక్కంతా దానికి ఇచ్చే రెండు నిలువు వరుసల్లో ఉంది. ఒకటి, ప్రతి ప్రయోగంలో వచ్చిన తేడా. రెండోది, ఆ తేడాకు స్టాండర్డ్ ఎర్రర్. మొదటిదాన్ని తప్పుగా ఎక్కించేవాళ్లు తక్కువ. రెండోదాన్ని సరిగ్గా ఎక్కించేవాళ్లు తక్కువ.

కారణం మన వ్యవసాయ పత్రాల అలవాటులోనే ఉంది. వైద్య పత్రాలు ప్రతి గుంపుకూ సగటు, స్టాండర్డ్ డీవియేషన్, ఎంతమంది అన్నవి ఇస్తాయి. మెటా అనాలిసిస్ పాఠాలన్నీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. వ్యవసాయ పత్రంలో పట్టిక నిండా సగటులుంటాయి, అడుగున రెండు చిన్న వరుసలు మాత్రం ఉంటాయి: ఎస్‌ఈఎం, సీడీ. స్టాండర్డ్ డీవియేషన్ ఎక్కడా ఉండదు. పాఠంలో చెప్పిన గడిని నింపాలి కాబట్టి విద్యార్థి ఎస్‌ఈఎం అంకెను తీసుకెళ్లి స్టాండర్డ్ డీవియేషన్ గడిలో పెడతాడు. సాఫ్ట్‌వేర్ ఏ అభ్యంతరమూ చెప్పదు.

నిజానికి ఆ గడి అవసరమే లేదు. ఎస్‌ఈఎం అంటే ఒక్కో సగటుకున్న స్టాండర్డ్ ఎర్రర్. రెప్లికేషన్ల సంఖ్య వర్గమూలంతో భాగించడం అందులో అప్పటికే జరిగిపోయింది. రెండు సగటుల తేడాకు కావలసిన స్టాండర్డ్ ఎర్రర్ దాని నుంచే ఒక్క అడుగులో వస్తుంది.

```
SEd = 1.414 × SEm
CD  = t × SEd
SEm = (CV × GM / 100) / √r
```

ఇక్కడ GM ప్రయోగం మొత్తం సగటు దిగుబడి, r రెప్లికేషన్లు, t ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు 5 శాతం దగ్గర పట్టికలో ఉండే విలువ. ఒక ప్రయోగాన్ని తీసుకుందాం. ఆరు ట్రీట్‌మెంట్లు, నాలుగు రెప్లికేషన్లు, రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్. జిప్సం లేని మడిలో హెక్టారుకు 1400 కిలోల కాయ, వేసిన మడిలో 1580. ఎస్‌ఈఎం 42.4. తేడా 180, దాని స్టాండర్డ్ ఎర్రర్ 42.4ను 1.414తో గుణిస్తే 60. ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఐదు మూళ్ల పదిహేను, దానికి t విలువ 2.131, కాబట్టి సీడీ 128. పత్రంలో సీడీ ఒక్కటే ఉంటే ఇదే దారిలో వెనక్కి రావచ్చు: 128ని 2.131తో భాగిస్తే మళ్లీ 60.

ఇదే 42.4ను స్టాండర్డ్ డీవియేషన్ అనుకుని, n = 4 అని ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ √4తో భాగిస్తుంది. తేడాకు స్టాండర్డ్ ఎర్రర్ 60కి బదులు 30 అవుతుంది. బరువు స్టాండర్డ్ ఎర్రర్ వర్గానికి విలోమం కాబట్టి ఆ ప్రయోగానికి రావాల్సినదానికి నాలుగింతల బరువు వస్తుంది. తప్పు ఇంతే, కానీ దాని ఫలితం బొమ్మంతా పాకుతుంది.

మరో చిన్న గండం కూడా ఉంది. కొన్ని పత్రాలు ఎస్‌ఈఎంకు బదులు తేడా స్టాండర్డ్ ఎర్రర్‌నే అచ్చు వేస్తాయి. దాన్ని మళ్లీ 1.414తో గుణిస్తే తప్పు ఈసారి అవతలి వైపుకు పోతుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి సీడీని ఆ అంకెతో భాగించి చూడాలి. మూడుకు దగ్గరగా వస్తే అది ఎస్‌ఈఎం, రెండుకు కాస్త పైన వస్తే అది తేడా స్టాండర్డ్ ఎర్రర్. పై ఉదాహరణలో 128ని 42.4తో భాగిస్తే 3.02. స్ప్లిట్ ప్లాట్ ప్రయోగమైతే ఎస్‌ఈఎంలు రెండు మూడు ఉంటాయి. జిప్సం మెయిన్ ప్లాట్‌లో ఉందా, సబ్ ప్లాట్‌లో ఉందా చూసి దానికి చెందినదే తీసుకోవాలి.

ఇప్పుడు ఐదు ప్రయోగాలనూ పక్కపక్కన పెడదాం. ఈ వరుసలు లెక్క నేర్చుకోవడానికి కూర్చినవి, ఏ పరిశోధన స్థానం ఫలితాలూ కావు. తేడాలన్నీ హెక్టారుకు కిలోల్లో.

| ప్రయోగం | తేడా | స్టాండర్డ్ ఎర్రర్ | 95 శాతం అవధి |
|---|---|---|---|
| 1 | 180 | 60 | 62 నుంచి 298 |
| 2 | 310 | 90 | 134 నుంచి 486 |
| 3 | 90 | 45 | 2 నుంచి 178 |
| 4 | 420 | 120 | 185 నుంచి 655 |
| 5 | 40 | 75 | −107 నుంచి 187 |

ఫారెస్ట్ ప్లాట్‌లో ప్రతి వరుసా ఒక అడ్డగీత అవుతుంది. గీత మధ్యనున్న చదరం ఆ ప్రయోగపు తేడా, గీత రెండు కొసలు 95 శాతం అవధి. చదరం ఎంత పెద్దదైతే సగటులో ఆ ప్రయోగం మాట అంత చెల్లుతుంది. నిలువుగా సున్నా దగ్గర ఒక గీత, దానికి కుడివైపు జిప్సానికి లాభం. అడుగున వజ్రం ఆకారం కలిపిన సగటు: వజ్రం నడుము సగటును, రెండు మొనలు దాని అవధిని చూపిస్తాయి.

కన్ను సహజంగా పొడుగు గీత మీదికి పోతుంది. అది నాలుగో ప్రయోగం, ఐదింటిలో అన్నిటికన్నా అస్పష్టమైనది. పొట్టి గీత, పెద్ద చదరం ఉన్నది మూడోది, అన్నిటికన్నా ఎక్కువ బరువు దానిదే. బొమ్మలో చదరాలు గీయడానికి కారణం కూడా ఇదే, పొడుగు గీతల ఆకర్షణకు విరుగుడుగా.

రెండో పొరపాటు ఓట్లు లెక్కపెట్టడం. నాలుగు గీతలు సున్నా దాటి కుడివైపు ఉన్నాయి, ఒకటి సున్నాను తాకింది, కాబట్టి ‘నాలుగు పత్రాలు అవునన్నాయి, ఒకటి కాదంది’ అని రాసేస్తారు. ఐదో ప్రయోగం కాదనలేదు. దాని అవధి −107 నుంచి 187 దాకా ఉంది, అంటే 150 కిలోల లాభం ఉన్నా ఆ ప్రయోగానికి అభ్యంతరం లేదు. తేల్చలేకపోయానని మాత్రమే అది చెబుతోంది.

నిజంగా చూడాల్సింది గీతలు ఒకదాన్నొకటి ఎంత కప్పుకుంటున్నాయన్నది. మూడో ప్రయోగం 178 దగ్గర ముగుస్తుంది, నాలుగోది 185 దగ్గర మొదలవుతుంది. రెండూ ఎక్కడా కలవవు. ఒకే నిజమైన లాభం ఉండి, తేడాలన్నీ మడుల మధ్య యాదృచ్ఛికంగా వచ్చినవే అయితే ఇలా జరగడం అరుదు. ఏ లెక్కా చేయకముందే బొమ్మ చెప్పే ముఖ్యమైన మాట ఇది.

దీన్నే అంకెల్లో చెప్పేది క్యూ. ఇది కొక్రన్ పేరు మీదున్న పరీక్ష. ఒకే రకం వ్యవసాయ ప్రయోగాలను వేర్వేరు చోట్ల పెట్టినప్పుడు ఫలితాలను ఎలా కలపాలన్న ప్రశ్న మీద ఆయన 1937లోనే పత్రం రాశాడు. మెటా అనాలిసిస్ వైద్యం నుంచి వ్యవసాయానికి వచ్చిందని అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవచ్చు.

ముందుగా ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ పద్ధతి. ప్రతి తేడానూ దాని స్టాండర్డ్ ఎర్రర్ వర్గంతో భాగించి కూడి, ఆ మొత్తాన్ని బరువుల మొత్తంతో భాగించాలి. ఒకటో ప్రయోగం బరువు 1/3600, మూడోదాని బరువు 1/2025, ఇలా. సగటు 148 వస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ 29.6, అవధి 90 నుంచి 206. ఇందులో మూడో ప్రయోగానిదే 43 శాతం బరువు, నాలుగోదానికి 6 శాతమే. క్యూ 12.4, దానికి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4, పి విలువ 0.015 దగ్గర. ఐ-స్క్వేర్ అంటే క్యూలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు మించిన భాగం: 12.4 నుంచి 4 తీసేసి 12.4తో భాగిస్తే 68 శాతం.

ఎస్‌ఈఎం తప్పు ఇక్కడ ఎలా దాక్కుంటుందో చూడండి. అన్ని ప్రయోగాలూ నాలుగు రెప్లికేషన్లవే అయి, ఐదింటినీ అదే తప్పుతో ఎక్కిస్తే ఫిక్స్‌డ్ సగటు 148 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే బరువులన్నీ సమానంగా నాలుగింతలయ్యాయి. సగటు సరిచూసిన గైడ్‌కు అనుమానం రాదు. కానీ క్యూ కూడా నాలుగింతలై 49.6 అవుతుంది, ఐ-స్క్వేర్ 92 శాతానికి ఎగబాకుతుంది. అప్పుడు చర్చా విభాగంలో నేల, వాన, రకం అంటూ రెండు పేజీల కారణాలు పుట్టుకొస్తాయి. ఉన్నది మాత్రం ఒక గడిలో తప్పు అంకె. ఒక్క ప్రయోగానికే ఆ తప్పు జరిగితే పట్టుకోవడం తేలిక: మిగతావాటిలాంటి మామూలు నాలుగు రెప్లికేషన్ల ప్రయోగానికే అన్నిటికన్నా పొట్టి గీత, పెద్ద చదరం వస్తాయి. ఒకటో ప్రయోగంలో అలా జరిగితే దాని బరువు 24 శాతం నుంచి 56 శాతానికి దూకుతుంది. ఏ వరుసకైనా గీత 95 శాతం అవధి పత్రంలోని సీడీతో పొంతన కుదరాలి. సీడీని దాటిన తేడా ఉంటే గీత సున్నాను తాకకూడదు, దాటకపోతే తాకాలి. t విలువకూ 1.96కూ ఉన్న కొద్ది తేడా వల్ల అంచున ఉన్న ప్రయోగాలు మాత్రం దీనికి మినహాయింపు.

ఐ-స్క్వేర్ 68 అంటే ‘తేడా ఎక్కువ’ అని రాసేయడం కూడా పూర్తి నిజం కాదు. అది నిష్పత్తి, కిలోలు కాదు. ప్రయోగాల మధ్య నిజమైన లాభం ఎన్ని కిలోల మేర మారుతోందో చెప్పేది టావ్. డెర్‌సైమోనియన్, లెయిర్డ్ 1986లో ఇచ్చిన పద్ధతిలో ఇక్కడ టావ్ స్క్వేర్ 10,290 వస్తుంది, దాని వర్గమూలం 101 కిలోలు. చేను మారితే జిప్సం లాభం సుమారు వంద కిలోలు అటూ ఇటూ మారుతుందన్నమాట. ఇది రైతుకూ అర్థమయ్యే కొలత.

రాండమ్ ఎఫెక్ట్స్ పద్ధతి ఈ 10,290ని ప్రతి ప్రయోగం స్టాండర్డ్ ఎర్రర్ వర్గానికి కలిపి, ఆ మొత్తానికి విలోమాన్ని బరువుగా తీసుకుంటుంది. మూడో ప్రయోగం బరువు 43 నుంచి 26 శాతానికి దిగుతుంది, నాలుగోది 6 నుంచి 13కి ఎక్కుతుంది. సగటు 148 నుంచి 182కి జరుగుతుంది. ఈ జరుగుడు ఊరికే రాలేదు. పెద్ద లాభం చూపిన రెండు, నాలుగు ప్రయోగాలు రెండూ అస్పష్టమైనవే, వాటికి ఇప్పుడు మాట పెరిగింది. అస్పష్టమైన ప్రయోగాల్లో పెద్ద లాభం వచ్చినవే ఎక్కువగా అచ్చుకెక్కుతాయన్న అనుమానం ఉంటే 182 ఆ పక్షపాతాన్ని కూడా మోస్తుంది. అందుకే చిన్న రివ్యూలో రెండు సగటులూ రాయడం మంచిది. ఒకటే రాసి రెండోదాన్ని దాచడం కన్నా, ఎందుకు జరిగిందో ఒక వాక్యంలో చెప్పడం మేలు.

ఇక వజ్రం వెడల్పు. రాండమ్ పద్ధతిలో స్టాండర్డ్ ఎర్రర్ 56.7. దాన్ని 1.96తో గుణించే మామూలు పద్ధతిలో అవధి 71 నుంచి 293. చూడ్డానికి గట్టి ఫలితం. కానీ టావ్ స్క్వేర్‌ను ఐదు ప్రయోగాల నుంచే అంచనా వేశాం, ఆ అంచనాకే బోలెడంత ఊగిసలాట ఉంది. 1.96 దాన్ని కచ్చితంగా తెలిసిన సంగతిలా లెక్కిస్తుంది. హార్టుంగ్-నాప్ సవరణ ప్రయోగాల మధ్య నిజంగా కనిపించిన చెదురును బట్టి స్టాండర్డ్ ఎర్రర్‌ను సరిచేస్తుంది, 1.96 బదులు నాలుగు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్న t విలువ 2.776 వాడుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ 64.3 అవుతుంది, అవధి 4 నుంచి 361. సగటు అదే 182. వజ్రం ఎడమ మొన మాత్రం 71 నుంచి దాదాపు సున్నా దగ్గరకు వచ్చింది. ప్రయోగాలు ఐదారుకు మించని రివ్యూలో ఈ సవరణ లేకుండా వజ్రాన్ని నమ్మడం సాహసమే.

```r
library(metafor)
d  <- c(180, 310, 90, 420, 40)
se <- c(60, 90, 45, 120, 75)
m  <- rma(yi = d, sei = se, method = "DL",
          test = "knha", slab = paste("Trial", 1:5))
predict(m)
forest(m, addpred = TRUE)
```

ఇందులో `method = "DL"` పెట్టింది చేత్తో వేసిన లెక్కతో సరిపోల్చుకోవడానికి. థీసిస్‌కు దాన్ని తీసేస్తే ప్యాకేజీ తనంతట తాను REML వాడుతుంది, ఇప్పుడు ఎక్కువమంది దాన్నే మెచ్చుతున్నారు. అంకెలు కొద్దిగా మారతాయి. ఏది వాడినా పేరు రాయాలి.

`addpred = TRUE` వజ్రానికి మరో అవధిని జోడిస్తుంది, అదే ప్రిడిక్షన్ ఇంటర్వెల్. వజ్రం సగటు లాభం ఎక్కడుందో చెబుతుంది. రేపు ఇంకో మండలంలో ఇదే ప్రయోగం పెడితే అక్కడి నిజమైన లాభం ఎక్కడ పడొచ్చో ఈ అవధి చెబుతుంది. మన ఐదు వరుసలకు అది −151 నుంచి 516. సగటున లాభం ఉంది, కానీ ఫలానా చేనులో ఉంటుందని చెప్పలేమన్నమాట. సిఫార్సు గురించిన వాక్యం రాసేముందు చూడాల్సింది దీన్నే.

సున్నా గీత ఒక్కటే గీటురాయి కాదు కూడా. జిప్సం ధర, బండి కిరాయి, చల్లే కూలి కలిపి కిలో కాయ ధరతో భాగిస్తే ఖర్చు తిరిగి రావడానికి ఎన్ని కిలోలు కావాలో తెలుస్తుంది. ఆ అంకె దగ్గర బొమ్మలో మరో చుక్కల నిలువు గీత గీస్తే, వజ్రం ఎడమ మొన 4 దగ్గర ఉండటం ‘లాభం రుజువైంది’ అనడానికి చాలదని చూడగానే తెలుస్తుంది.

ఐదో ప్రయోగం కథ వేరుగా చెప్పుకోవాలి. తేడా సీడీని దాటనప్పుడు చాలా పత్రాల్లో సీడీ వరుసలో అంకె ఉండదు, ఎన్ఎస్ అని మాత్రం ఉంటుంది. కొన్నిట్లో ఎస్‌ఈఎం కూడా కనిపించదు. లెక్కకు పనికిరాదని దాన్ని పక్కన పెట్టడం తేలిక, కానీ పక్కకు పోయేవన్నీ లాభం తక్కువ చూపినవే. మన లెక్కలో ఐదోదాన్ని తీసేస్తే రాండమ్ సగటు 182 నుంచి 220కి పోతుంది. ముందు పత్రంలో సీవీ శాతం ఉందేమో వెతకాలి. ప్రయోగం మొత్తం సగటు 1500 కిలోలు, సీవీ 7.1 శాతం, రెప్లికేషన్లు నాలుగు అయితే 1500లో 7.1 శాతం 106.5, రెండుతో భాగిస్తే ఎస్‌ఈఎం 53, 1.414తో గుణిస్తే 75. పట్టికలోని ఐదో వరుస అంకె అలా వచ్చినదే. సీవీ కూడా లేకపోతే మిగతా ప్రయోగాల స్టాండర్డ్ ఎర్రర్‌ల సగటును అరువు తెచ్చుకుని, అలా చేశామని రాసి, దానితోనూ అది లేకుండానూ రెండుసార్లు లెక్క వేయాలి.

ఒకే ప్రయోగం రెండుసార్లు లోపలికి రావడం ఇంకో గండం. కృషికోశ్‌లో థీసిస్ ఉంటుంది, రెండేళ్లకు అదే జర్నల్ పత్రంగా వస్తుంది, రచయితల వరుస మారి ఉంటుంది. స్థలం, ఖరీఫ్ సంవత్సరం, రకం, జిప్సం లేని మడి దిగుబడి ఈ నాలుగూ పోల్చితే బయటపడుతుంది. అలాగే ఒకే ప్రయోగంలో 250, 500 కిలోల మోతాదులు రెండూ ఉండి, రెండింటికీ పోలిక ఒకే జిప్సం లేని మడి అయితే, వాటిని రెండు గీతలుగా వేయకూడదు. ఆ మడి దిగుబడి ఏదో కారణంగా తగ్గితే రెండు గీతలూ కలిసి కుడివైపు జరుగుతాయి, సాఫ్ట్‌వేర్‌కు అది రెండు స్వతంత్ర సాక్ష్యాలుగా కనిపిస్తుంది. రివ్యూ ప్రశ్న 500 గురించి అయితే 500 ఒక్కటే తీసుకోవడం శుభ్రమైన దారి.

కిలోల్లో కలపాలా, నిష్పత్తిలో కలపాలా అన్నది నేల చూసి నిర్ణయించాలి. వర్షాధారంలో 700 కిలోలు పండే చేనుకు 100 కిలోల లాభం వేరు, బోరు కింద 2500 పండే చేనుకు అదే 100 వేరు. రెండు రకాలూ కలిసి ఉంటే లాగ్ రెస్పాన్స్ రేషియో మెరుగు. ఒకటో ప్రయోగానికి 1580ని 1400తో భాగించి సహజ లాగరిథమ్ తీస్తే 0.121, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.040. కలపడం అంతా లాగ్‌లోనే చేసి, చివర్లో వెనక్కి మార్చి శాతంగా చెప్పాలి: ఇక్కడ 12.9 శాతం పెరుగుదల, అవధి 4 నుంచి 22 శాతం.

```
lnRR = ln(X1 / X2)
SE   = SEm × √(1/X1² + 1/X2²)
```

లాభం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఎందుకన్న ప్రశ్నకు నేలలోంచి మంచి కారణాలే ఉన్నాయి. ఊరే కాయ తనకు కావలసిన కాల్షియంలో చాలాభాగాన్ని వేర్ల ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టి తేమ నుంచి నేరుగా తీసుకుంటుంది. కాబట్టి ఊడలు దిగాక వాన ముఖం చాటేస్తే జిప్సం పైమట్టిలో ఉన్నా కాయకు అందదు. నేలలో ముందే కాల్షియం సరిపడా ఉంటే వేసినా పెద్దగా తేడా రాదు. కానీ ఐదు గీతలతో ఈ కారణాల్లో ఏది పనిచేసిందో మెటా రిగ్రెషన్ పెట్టి తేల్చలేం. ఒక కారణానికి కనీసం పది ప్రయోగాలన్న వాడుక సూత్రం ఉంది, ఫనెల్ ప్లాట్‌కూ అంతే. చేయగలిగింది ఒకటుంది: ఫారెస్ట్ ప్లాట్‌లో వరుసలను సంవత్సరం క్రమంలో కాకుండా నేల కాల్షియం క్రమంలో పేర్చి, ప్రతి గీత పక్కన కాయ ఊరే దశలో కురిసిన వాన మిల్లీమీటర్లలో రాయడం. అవి అందుబాటులో లేని పత్రం దగ్గర గడి ఖాళీగా వదలాలి. ఎన్ని గడులు ఖాళీగా మిగిలాయన్నదీ పరీక్షకుడు చూస్తాడు.